డాలర్ చార్ట్‌లో బంగారం 20 శాతం పడితే మనకెంత తగ్గింది?

"అమ్మాయి పెళ్లికి రెండేళ్ల టైముంది. 100 గ్రాముల నగలు చేయించాలి. అమెరికాలో రియల్ యీల్డ్స్, డాలర్ పెరుగుతున్నాయి, బంగారం పడుతుంది, ఆగండి అంటున్నారు. ఆగొచ్చా?"

కొంత బంగారం కోసం ఆగొచ్చండి, మొత్తం కోసం వద్దు.

వాళ్లు చెప్పే లెక్క తప్పేం కాదు. బంగారం వడ్డీ ఇవ్వదు. అమెరికా ప్రభుత్వ బాండ్ ద్రవ్యోల్బణం పోను 2 శాతం మిగిల్చిందంటే, బంగారం పట్టుకు కూర్చున్నవాళ్లు ఏటా ఆ 2 శాతం వదులుకున్నట్టే. ఆ మిగులునే రియల్ యీల్డ్ అంటారు. 2022లో అచ్చం ఇదే జరిగింది. మార్చిలో మైనస్‌లో ఉన్న పదేళ్ల రియల్ యీల్డ్ సెప్టెంబరు చివరికి 1.5 శాతం దాటింది. ఔన్సు బంగారం 2,050 డాలర్ల నుంచి 1,630కి, అంటే 20 శాతం పడింది.

అదే పతనాన్ని మన డబ్బుల్లో చూడండి. మార్చిలో డాలర్ సుమారు 77 రూపాయలు, దిగుమతి సుంకం 10.75 శాతం. జీఎస్టీ కలపకుండా 10 గ్రాములు 56,200 పడుతుంది. సెప్టెంబరుకు డాలర్ 81.5 అయింది, జూలైలో సుంకం 15 శాతానికి పెరిగింది. లెక్క 49,100 దగ్గర తేలుతుంది. తగ్గింది 12.6 శాతమే. మిగతాది రూపాయి, సుంకం కలిసి మింగేశాయి.

అందుకని చార్ట్‌లు చూపే ట్రేడింగ్‌వ్యూ సైట్‌లో, ఔన్సు బంగారం డాలర్ ధర చూపే ఉత్త XAUUSD కాకుండా ఈ ఫార్ములా టైప్ చేసి, వీక్లీ చార్ట్ పెట్టుకోండి:

```
XAUUSD*USDINR/3.11035
```

10 గ్రాముల ధర సుంకం లేకుండా వస్తుంది. దాని కింద FRED:DFII10 (పదేళ్ల రియల్ యీల్డ్) స్కేలు తిరగేసి పెడితే రెండు గీతలూ కలిసి నడుస్తున్నాయో లేదో కంటికే తెలుస్తుంది. డాలర్ ఇండెక్స్ DXY మీద మరీ ఆధారపడకండి. అందులో యూరో వాటాయే 57.6 శాతం, మన రూపాయి అసలు లేదు.

ఆ రెండు గీతలూ 2022 తర్వాత విడిపోయాయి. 2023 అక్టోబరులో రియల్ యీల్డ్ 2.4 శాతం దాటినా బంగారం 1,800 డాలర్ల కిందికి రాలేదు. కేంద్ర బ్యాంకులు 2022 నుంచి మూడేళ్లపాటు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. వాళ్లు యీల్డ్ చూసి కొనే రకం కాదు. పాత చార్ట్‌ను నమ్మి ఆగినవాళ్లు దెబ్బతిన్నది ఇక్కడే.

మీ నగలు 22 క్యారెట్లయితే 100 గ్రాములకు కావాల్సిన మేలిమి 92 గ్రాములే. నెలకు 3 గ్రాములకు సమానంగా గోల్డ్ ఈటీఎఫ్ కొంటూ పోతే రెండేళ్లలో 72 అవుతాయి. మిగిలిన 20 గ్రాములకు మాత్రం ఆగండి. పై రూపాయి చార్ట్ తన గరిష్ఠం నుంచి 10 శాతం దిగిన రోజు కొనేయండి. 20వ నెల దాకా ఆ రోజు రాకపోతే చివరి నాలుగు నెలల్లో తలా 5 గ్రాములు అదనంగా కొనండి.

ఈ చార్ట్‌లో సుంకం కనపడదు. 2024 జూలై 23న బడ్జెట్‌లో 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు ఆ రోజే ఇక్కడ ధర జారింది. అలాంటి ప్రకటన వస్తే 10 శాతం లెక్క చూడకుండా ఆ 20లో సగం కొనేయండి.