చేతిలో 60 లక్షలు, ముందు నాలుగు పనులు: పీఐ ర్యాంకును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ఈ ఏడాది పెట్టుబడికి మా దగ్గర 60 లక్షలే ఉన్నాయి. కొత్త టర్మ్ లోన్ ఇప్పట్లో ఇవ్వలేమని బ్యాంకు చెప్పేసింది. నాలుగు పనులు అనుకుంటున్నాం. రంగు మారిన గింజను ఏరేసే సార్టెక్స్ మిషన్‌కు 24 లక్షలు, పన్ను పోను ఏడాదికి 7.5 లక్షలు మిగులుతుంది, ఆరేళ్లు పనిచేస్తుంది. ప్యాకింగ్ మిషన్‌కు 8 లక్షలు, ఏడాదికి 2.7 లక్షలు, ఆరేళ్లు. డ్రయ్యర్‌కు 45 లక్షలు, ఏడాదికి 10 లక్షలు, పదేళ్లు. మిల్లు పైకప్పు మీద 80 కిలోవాట్ల సోలార్‌కు 36 లక్షలు, ఏడాదికి 6 లక్షల కరెంటు ఆదా, ఇరవై ఏళ్లు. లాభం ఎక్కువ కాబట్టి డ్రయ్యరే పెడదామని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. ఆడిటర్ గారేమో ప్రాఫిటబిలిటీ ఇండెక్స్, అంటే పీఐ ప్రకారం వరుసగా ఎంచుకోమన్నారు. ఆయన చెప్పినట్టు చేస్తే 28 లక్షలు ఖాళీగా మిగిలిపోతున్నాయి. ఎవరి మాట వినాలి?

జవాబు: ఆడిటర్ గారు చెప్పిన పద్ధతి సరైనదే, కానీ అది ఒక షరతు మీద నడుస్తుంది. మీ 28 లక్షలు మిగిలిపోయింది ఆ షరతు దగ్గరే. ముందు లెక్క చూద్దాం. ముందు ముందు వచ్చే డబ్బును నేటి విలువలోకి మార్చే తగ్గింపు రేటు 12 శాతం తీసుకున్నాను. మీ డబ్బును ఈ పనుల్లో పెట్టకపోతే సీసీ, అంటే బ్యాంకు క్యాష్ క్రెడిట్ ఖాతాలో వేసి వడ్డీ తగ్గించుకుంటారు కదా, ఆ వడ్డీ మీద వ్యాపార రిస్కు కోసం కాస్త కలిపితే దాదాపు అంత వస్తుంది. మీ సీసీ వడ్డీ ఇంకా ఎక్కువైతే రేటు మార్చి మళ్లీ చూసుకోండి. ఎక్సెల్‌లో సార్టెక్స్‌కు ఇలా కొడితే చాలు, నేటి విలువ 30.84 లక్షలని వస్తుంది:

```
=PV(12%,6,-7.5)
```

మిగతా మూడూ అంతే. నేటి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే ఎన్‌పీవీ, నేటి విలువను పెట్టుబడితో భాగిస్తే పీఐ. అంకెలు లక్షల్లో:

| పని | పెట్టుబడి | నేటి విలువ | ఎన్‌పీవీ | పీఐ |
|---|---|---|---|---|
| ప్యాకింగ్ | 8 | 11.10 | 3.10 | 1.39 |
| సార్టెక్స్ | 24 | 30.84 | 6.84 | 1.28 |
| డ్రయ్యర్ | 45 | 56.50 | 11.50 | 1.26 |
| సోలార్ | 36 | 44.82 | 8.82 | 1.24 |

డబ్బుకు కొదవ లేకపోతే నాలుగూ పెట్టేయవచ్చు, అన్నీ లాభసాటివే. కొరత ఉన్నప్పుడు చూడాల్సింది పెట్టిన ప్రతి రూపాయికి ఎంత వస్తుందని. పీఐ చెప్పేది అదే. డ్రయ్యర్ 11.50 లక్షలు తెస్తుందన్నది నిజమే గానీ, దానికోసం 45 లక్షలు కట్టిపడేస్తుంది. మీ తమ్ముడి లెక్కలో ఆ రెండో సగం లేదు.

అయితే పీఐ వరుసలో పైనుంచి కిందికి దిగుతూ పోతే అన్నిటికంటే మంచి ఫలితం వస్తుందన్న హామీ ఒక్క సందర్భంలోనే ఉంటుంది. చివరి పనిని మిగిలిన డబ్బుకు సరిపడా ముక్క చేయగలగాలి. ప్యాకింగ్, సార్టెక్స్ కలిపి 32 లక్షలు అయ్యాక మీ దగ్గర 28 మిగిలాయి. దాంతో డ్రయ్యర్‌లో సగం కొనలేరు, పూర్తి సోలార్ కూడా రాదు. అక్కడితో ఆగిపోతే మొత్తం ఎన్‌పీవీ 9.94 లక్షలు. మిగిలిన 28 లక్షలు సీసీలో వేస్తే కలిసొచ్చే వడ్డీ 12 శాతం రేటులోనే ఉంది కాబట్టి దానికి విడిగా లాభం వేసుకోకూడదు. ఇప్పుడు మీ తమ్ముడి దారిలో డ్రయ్యర్ పెట్టి, మిగిలిన దాంట్లో ప్యాకింగ్ మిషన్ తీసుకుంటే మొత్తం 14.60 లక్షలు వస్తుంది. అంటే పీఐని గుడ్డిగా పాటించడం కంటే తమ్ముడి పద్ధతే మేలన్నమాట! ఆడిటర్ గారికి ఈ మాట చెబితే నొచ్చుకుంటారేమో, కానీ లెక్క అలాగే ఉంది.

అందుకే పనులు ముక్కలు కానప్పుడు పీఐ వరుసతో ఆగకుండా, 60 లక్షల్లో ఇమిడే జతలన్నిటి ఎన్‌పీవీ కూడి చూడాలి. నాలుగు పనులే కాబట్టి కాగితం మీద ఐదు నిమిషాల పని. అలా చూస్తే సార్టెక్స్, సోలార్ జత సరిగ్గా 60 లక్షలు తీసుకుని 15.66 లక్షలు ఇస్తుంది. డ్రయ్యర్ జత కంటే ఇది నయం.

ఇక్కడ మీరు గమనించనిది ఒకటుంది. మీ నాలుగింటిలో మూడు ముక్కలు కావు గానీ, సోలార్ అవుతుంది. 80 కిలోవాట్లే పెట్టాలన్న నియమం ఏమీ లేదు. మీ కొటేషన్ ప్రకారం కిలోవాటుకు 45 వేలు పడుతోంది, 28 లక్షలకు 62 కిలోవాట్లు వస్తాయి. ప్యాకింగ్, సార్టెక్స్, 62 కిలోవాట్ల సోలార్ మూడూ కలిపితే ఎన్‌పీవీ 16.80 లక్షలు. ఇప్పుడు చూడండి, ఆడిటర్ గారి వరుసే గెలిచింది, పైసా ఖాళీగా లేదు.

చిన్న ప్లాంటుకు కిలోవాటు ఖరీదు కొంచెం పెరగవచ్చు, ఇన్వర్టర్, కేబుళ్లు, మీటరు ఖర్చు అదే నిష్పత్తిలో తగ్గవు. అందుకని కొటేషన్ మళ్లీ తీసుకోండి. 28 లక్షలకు వచ్చే ప్లాంటు ఏడాదికి కనీసం 4.52 లక్షలు ఆదా చేస్తే ఈ మూడింటి జత నిలుస్తుంది. అంతకంటే తగ్గితే సార్టెక్స్, పూర్తి సోలార్ జతకే వెళ్లండి. నిష్పత్తి ప్రకారం రావాల్సింది 4.67 లక్షలు, అంటే తేడా చాలా స్వల్పం. కానీ మీ వైపు ఒక సంగతి కలిసొస్తుంది. మిల్లు ఆగి ఉన్న రోజుల్లో 80 కిలోవాట్ల ప్లాంటు ఇచ్చే కరెంటులో ఎక్కువ భాగం గ్రిడ్‌కు పోతుంది, దానికి మీరు కొనే ధర రాకపోవచ్చు. ప్లాంటు చిన్నదైతే వచ్చిన యూనిట్లలో ఎక్కువ వాటా మిల్లులోనే ఖర్చవుతుంది. గత 12 నెలల బిల్లులు ముందు పెట్టుకుని నెలవారీగా చూడండి. ఆదా లెక్కలో యూనిట్ల చార్జీ మాత్రమే వేయండి. డిమాండ్ చార్జీ పడే కనెక్షన్ అయితే, సోలార్ పెట్టినంత మాత్రాన అది తగ్గుతుందని అనుకోవద్దు.

ఇక నాకు అసలు అనుమానం ఉన్న చోటు డ్రయ్యర్ పెట్టుబడి. పీఐలో కింద వేసే అంకె మిషన్ ధర కాదు, ఆ పని కోసం మీ 60 లక్షల్లోంచి నిజంగా బయటికి పోయే మొత్తం. డ్రయ్యర్ ఉంటే కోతల సమయంలో తడి వడ్లు ఎక్కువ కొంటారు, ఆ లాభం చూసే కదా ఏడాదికి 10 లక్షలు వేశారు. ఆ వడ్లకు డబ్బు ఎక్కడిది? సీసీ లిమిట్‌లో ఖాళీ ఉంటే సరే. లేకపోతే, ఉదాహరణకు 10 లక్షలు చేతి నుంచి స్టాకులో ఉంచాల్సి వస్తే పెట్టుబడి 55 లక్షలవుతుంది. పదేళ్ల తర్వాత ఆ 10 లక్షలు తిరిగొచ్చినా ఈ రోజు దాని విలువ 3.22 లక్షలే. అప్పుడు డ్రయ్యర్ ఎన్‌పీవీ 4.72 లక్షలకు, పీఐ 1.09కి పడిపోతాయి. నాలుగింటిలో చివరిది అవుతుంది. తమ్ముడిని ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి.

జీఎస్టీ కూడా ఇలాంటిదే. లూజు బియ్యానికి జీఎస్టీ లేదు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న లేబుల్ బస్తాల మీద మాత్రం 5 శాతం పడుతోంది. పన్ను లేని అమ్మకాల వాటా ఎంత ఉంటే, మిషన్ మీద కట్టిన జీఎస్టీలో అంత భాగం క్రెడిట్ రాదు. ఆ భాగాన్ని పెట్టుబడిలో కలిపారో లేదో ఆడిటర్ గారితో చూపించుకోండి. మీవి సరిగ్గా 60కి సరిపోయే లెక్కలు, రెండు లక్షలు పెరిగినా జత విడిపోతుంది.

సార్టెక్స్ దగ్గర వేరే చిక్కు. పీఐలు 1.24, 1.26, 1.28 అని ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ర్యాంకు మీద కాక, దాని వెనకున్న అంచనా మీద కన్నేయాలి. ఆ 7.5 లక్షలు 7 లక్షల కంటే తగ్గిందంటే నేను చెప్పిన జత కంటే డ్రయ్యర్, ప్యాకింగ్ జతే మెరుగవుతుంది (వడ్ల స్టాకుకు సీసీ సరిపోతేనే సుమా). తేడా ఏడాదికి 50 వేలే! కాబట్టి ఆ 7.5 ఎలా వచ్చిందో విడదీసి చూడండి. రంగు మారిన గింజ ఏరేసిన బియ్యానికి వ్యాపారి క్వింటాకు ఇచ్చే అదనపు ధరను బయటి మార్కెట్‌కు అమ్మే క్వింటాళ్లతో మాత్రమే గుణించాలి. ప్రభుత్వానికి కస్టమ్ మిల్లింగ్ కింద ఆడించే వడ్లు ఇందులోకి రావు. ఆ బియ్యం మీది కాదు, మీకొచ్చే మిల్లింగ్ చార్జీ ముందే ఖరారైనది, సార్టెక్స్ వేశారని పెరగదు. చాలామంది మిల్లు మొత్తం ఆడే టన్నేజీని వేసేసి సంతోషపడతారు. తర్వాత, రిజెక్షన్‌లో పోయే మంచి గింజ నష్టం, కంప్రెసర్ కరెంటు, గాలి ఊది గింజను పక్కకు నెట్టే ఎజెక్టర్ల మార్పిడి ఖర్చు తీసేయండి. పన్ను ఆ తర్వాత. మిషన్ అమ్మేవారు చెప్పిన అంకె కాకుండా, మీ బియ్యాన్నే ఒక లోడు పక్క మిల్లులో ఏరించి, మీ వ్యాపారికి చూపించి ధర అడగండి.

పన్ను లెక్కలో తరుగుదల కూడా ఒకసారి సరిచూసుకోండి. మామూలు మిషనరీకి 15 శాతం అయితే సోలార్‌కు 40 శాతం దొరుకుతుంది. సోలార్‌కు కూడా 15 వేసి ఉంటే మొదటి సంవత్సరాల ఆదా తక్కువగా కనబడుతుంది.

ఒక్క ఏడాది బడ్జెట్‌కే ఈ వరుస పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. వచ్చే ఏడాది కూడా డబ్బు కొరతే అయితే ఒక్క పీఐతో తేలదు. 1955లోనే షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన లోరీ, సావేజ్ ఈ ఇబ్బందిని చూపించారు. మీ విషయంలో అంత లోతుకు పోనవసరం లేదు, ఏ జత ఎంత త్వరగా డబ్బు వెనక్కి ఇస్తుందో చూస్తే చాలు. ప్యాకింగ్, సార్టెక్స్, చిన్న సోలార్ కలిసి ఏడాదికి 14.87 లక్షలు తెస్తాయి. డ్రయ్యర్, ప్యాకింగ్ జత 12.7 లక్షలే తెస్తుంది. మొదటి జత డబ్బును ఇంటి ఖర్చులకు తీయకుండా విడి ఖాతాలో ఉంచితే మూడేళ్లలో దాదాపు 45 లక్షలు పోగవుతాయి, అంటే లోన్ లేకుండానే డ్రయ్యర్. ధర అప్పటికి మారుతుంది కాబట్టి, ఆ రోజు కొత్త కొటేషన్‌తో, వడ్ల స్టాకు డబ్బు కూడా కలిపి, డ్రయ్యర్ లెక్క మొదటినుంచి వేయండి.