డాలర్ రేటు కదల్లేదు, మా ఊళ్ళో బంగారం ఎందుకు పడింది?

ప్రశ్న: 2024 జూలై బడ్జెట్ రోజున ప్రపంచ మార్కెట్లో బంగారం పెద్దగా కదల్లేదు. మరి మన దగ్గర ఒక్కరోజులో వేలల్లో ఎలా తగ్గింది? షాపుల్లో ఉన్నది పాత సరుకే కదా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఆ తగ్గుదల వల్ల దెబ్బ తిన్నవాళ్ళలో నేనూ ఒకడిని, కాబట్టి లెక్క బాగా గుర్తుంది.

ఆ రోజుల్లో ఔన్సు, అంటే 31.1 గ్రాములు, సుమారు 2,400 డాలర్లు. డాలరు 83.70 రూపాయలు అనుకుంటే పది గ్రాముల మేలిమి బంగారం మన దేశంలో దిగేసరికి దాదాపు 64,600 పడుతుంది. దాని మీద అప్పటిదాకా 15 శాతం దిగుమతి సుంకం ఉండేది కాబట్టి 74,290 అయ్యేది. జూలై 23న సుంకాన్ని 6 శాతానికి దించారు, అంటే 68,480. ప్రపంచ ధర అలాగే ఉన్నా పది గ్రాముల దగ్గర 5,800 తేడా. సుంకం కలిపిన ధర మీదే మూడు శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి అదీ కాస్త తగ్గింది.

ఇక పాత సరుకు సంగతి. మా వీధి షావుకారు కూడా "మేం 15 శాతం కట్టి తెచ్చాం, ఎలా తగ్గిస్తాం?" అన్నాడు. కానీ రేటు బోర్డు మీద పడేది ఆయన కొన్న ధర కాదు, రేపు తెచ్చుకుంటే పడే ధర. పక్క షాపువాడు కొత్త సుంకంతో తెచ్చి తక్కువకు అమ్ముతాడు కాబట్టి ఈయనా దిగాల్సిందే, ఆ నష్టం ఆయనదే. 2022 జూలైలో సుంకం 15 శాతానికి పెంచినప్పుడు మాత్రం పాత సరుకు పాత రేటుకే ఇస్తామని ఏ షావుకారూ అనలేదు లెండి! తగ్గుదల మొత్తం ఒక్కరోజులో రాలేదు. వాయిదా వ్యాపారం జరిగే ఎంసీఎక్స్‌ మార్కెట్లో ఆ రోజు నాలుగు వేల పైన పడింది, షాపుల్లో మిగతాది తర్వాతి రోజుల్లో దిగింది.

నా తప్పు ఏంటంటే, మేనకోడలి పెళ్ళికని జూలై 20న 40 గ్రాముల 22 క్యారెట్ నగలకు అడ్వాన్స్ కట్టి రేటు ఖాయం చేసుకున్నాను. వారం తిరక్కుండా గ్రాముకు 300 పైనే తగ్గింది, అంటే నాకు 12,000 పైమాటే నష్టం. షాపులో అడిగితే చీటీ చూపించారు. అందులో "బుకింగ్ రేటు" అని మాత్రమే ఉంది. "బుకింగ్ రేటు, డెలివరీ రోజు రేటు, ఏది తక్కువైతే అది" అని రాసి ఉంటే బతికిపోయేవాణ్ణి.

ఆంధ్రాలోని పార్వతీపురం వెళ్ళి కొంటే తక్కువకు వస్తుందని మా బావ అప్పుడు ఒకటే గొడవ. సుంకం దేశమంతా ఒక్కటే, జీఎస్టీ కూడా అంతే. బోర్డు మీద గ్రాముకు కొన్ని రూపాయల తేడా ఉండొచ్చు, అసలు తేడా మజూరీ, తరుగు దగ్గరే ఉంటుంది. బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్ళేవాళ్ళు ముందు అవి అడగండి.