డబ్బు రీల్‌కా, బిల్లుకా?

ప్రశ్న: మేడమ్, మాది రాజమండ్రి. చీరలు, బ్లౌజ్ డిజైన్ల మీద ఇన్‌స్టా పేజీ నడుపుతున్నా, 14 వేల ఫాలోవర్లు, అందులో రాజమండ్రి చుట్టుపక్కల వాళ్లే 5 వేలు. 2022లో ఊళ్లో ఒక చీరల షాపు ఆయన రీల్‌కి 3 వేలు, నా కోడ్ చెప్పి కొన్న బిల్లుల మీద 5 శాతం ఇస్తానన్నాడు, అంతా నోటిమాటే. మొదటి మూడు రీల్స్‌కి 3 వేల చొప్పున ఫోన్‌పే చేశాడు. 2022 నవంబరు 18 నుంచి 2023 ఆగస్టు దాకా చేసిన 11 రీల్స్‌కి పైసా ఇవ్వలేదు. బాబాయ్‌గారూ అని ఎంత ఆప్యాయంగా పిలిచానో, పసిపిల్లని ఇంట్లో పెట్టి వెళ్లి షూట్ చేశాను. పోయినేడు ఉగాది ముందు "ఆ 11 రీల్స్‌వి పండగ అయ్యాక సర్దుతానమ్మా" అని వాట్సాప్ పెట్టాడు, ఇప్పుడేమో నీ కోడ్ మీద 11 చీరలే అమ్ముడయ్యాయి, మేం రెండు చీరలు ఊరికే ఇచ్చాం కదా, లెక్క సరి అంటున్నాడు. నాకు తెలిసి 40 బిల్లులైనా పడుంటాయి. మొన్న దసరా రోజు ఒళ్లుమండి ఆ రీల్స్ అన్నీ డిలీట్ చేసేశా. వాడి బాగోతం ఒక వీడియోలో పెట్టనా, చీటింగ్ కేసు పెట్టనా? ఇకమీదట షాపుల గొడవ వదిలేసి ఎఫిలియేట్ లింకులు గానీ నెలకి 99 రూపాయల పెయిడ్ గ్రూపు గానీ పెట్టుకుంటే మేలా?

జవాబు: ముందు ఫోన్ తియ్యండి. ఇన్‌స్టాలో మీ యాక్టివిటీలోకి వెళ్తే `Recently deleted` అని ఉంటుంది, డిలీట్ చేసిన రీల్స్ అందులో 30 రోజులు మాత్రమే ఉంటాయి. దసరా 2025లో అక్టోబరు 2న వచ్చింది కాబట్టి నెలాఖరు దాటాక అవి ఇక లేనట్టే. ఈ పేరా దగ్గర ఆగి 11 రీల్స్ రీస్టోర్ చేసుకుని, అప్పుడు మిగతాది చదవండి. బాకీదారు డబ్బు ఎగ్గొడితే అప్పిచ్చినవాడు పోయి తన ప్రామిసరీ నోటు పొయ్యిలో వేసుకున్నట్టుంది మీరు చేసింది. నేను పని చేశాను అనడానికి మీ దగ్గరున్న మొదటి సాక్ష్యం ఆ రీలే, దాని కింద తేదీ ఉంటుంది, షాపు ట్యాగ్ ఉంటుంది, చాలాసార్లు షాపువాళ్లే పెట్టిన కామెంట్ కూడా ఉంటుంది. పేజీలో కనపడటం మీకు ఇష్టం లేకపోతే ఆర్కైవ్ చేసుకోవచ్చు, డిలీట్ మాత్రం చేయకూడదు.

ఇక అసలు విషయం. మీరు కోడ్ మీద 40 బిల్లులు పడ్డాయా 11 పడ్డాయా అన్న దాని మీద కొట్లాడుతున్నారు, ఆయన మిమ్మల్ని లాగాలనుకున్నది సరిగ్గా అక్కడికే, మీరూ వెళ్లారు. బిల్లుల లెక్క ఉండేది ఆయన బిల్లింగ్ కంప్యూటర్లో, అది మీ చేతిలో లేదు. కోర్టు ద్వారా ఆ రికార్డు తెప్పించమని అడగొచ్చు, కానీ తెప్పిస్తే వచ్చేదెంతో ఒకసారి లెక్క వేయండి. 40 బిల్లులు, ఒక్కోటి 1500 అనుకున్నా 60 వేలు, దాని మీద 5 శాతం అంటే 3 వేలు. ఒక్క రీల్ ఫీజంత. దాని కోసం 33 వేల బాకీని వివాదంలోకి దించుకున్నారు.

ఈ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద: ఒప్పందంలో డబ్బు పెట్టిన ప్రతి రీల్‌కా, పడిన ప్రతి బిల్లుకా. బిల్లుకే అయితే ఆయన చెప్పింది నిలబడొచ్చు. రీల్‌కి అయితే ఒక్క చీర కూడా అమ్ముడవకపోయినా మీ ఫీజు మీకు రావాలి. దీనికి జవాబు మీ ఉత్తరంలోనే, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యంలో ఉంది. "ఆ 11 రీల్స్‌వి సర్దుతానమ్మా" అన్నాడు. కోడ్‌వి అనలేదు, కమీషన్‌ది అనలేదు, రీల్స్‌వి అన్నాడు, సంఖ్య కూడా ఆయనే వేశాడు. దాని పక్కన మొదటి మూడు ఫోన్‌పే పేమెంట్లు పెట్టండి, మూడూ సరిగ్గా 3 వేలే. బిల్లుల మీద కమీషన్ అయితే మూడుసార్లూ సరిగ్గా ఒకే అంకె రాదు కదా. ఒప్పందం నోటిమాటే అయినా చెల్లుతుంది, రేటు ఏంటో ఆయన పేమెంట్లే చెబుతున్నాయి, బాకీ ఉందని ఆయన మెసేజే చెబుతోంది. రెండు చీరల సంగతంటారా, అవి ఫీజు కింద ఇచ్చామని అప్పట్లో ఎక్కడైనా రాశాడేమో చాట్‌లో వెతకండి, రాయకపోతే ఇప్పుడు చెబితే సరిపోదు, చీరలు తీసుకున్నాక కూడా సర్దుతానని మెసేజ్ పెట్టి ఉంటే ఆ వాదన అక్కడితో సరి.

కాబట్టి ఆ చాట్ మొత్తం `Export chat` తో బయటికి తీసి మెయిల్ చేసుకోండి, మీకు అనుకూలమైన నాలుగు స్క్రీన్‌షాట్లు తీస్తే చాలదు. మూడు పేమెంట్లు కనపడే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. ఆ చాట్ ఉన్న ఫోన్‌ని దీపావళి ఆఫర్లో ఎక్స్చేంజ్‌కి ఇచ్చేయకండి దయచేసి, ఇలా ఫోన్ అమ్మేసి ప్రింటవుట్లు పట్టుకొచ్చిన క్లయింట్లని చూసి చూసి విసుగొచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉంది, దాని 63వ సెక్షన్ ప్రకారం ఫోన్లోవి ప్రింట్ తీసి కోర్టులో ఇస్తే సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం మీరు సంతకం పెట్టేది, రెండోది నిపుణుడు పెట్టేది. లాయరు చూసుకుంటారు, కానీ ఫోనే లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

రెండోది టైం. చేసిన పనికి డబ్బు ఎప్పుడివ్వాలో తేదీ అనుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి, లిమిటేషన్ చట్టం షెడ్యూల్లో 18వ ఆర్టికల్. మీకు 11 రీల్స్ అంటే 11 గడియారాలు, మొదటిది 2022 నవంబరు 18న మొదలైంది, 2025 నవంబరు 18కి ఆగిపోతుంది, తర్వాత వరసగా మిగతావి. ఉగాది మెసేజ్‌లో బాకీ ఒప్పుకున్నాడు కాబట్టి అప్పటినుంచి కొత్తగా మూడేళ్లు కదా అని మీకెవరైనా చెప్పొచ్చు, అదే చట్టం 18వ సెక్షన్ అలా అంటుంది నిజమే, కానీ ఆ ఒప్పుకోలు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి అని కూడా అంటుంది. వాట్సాప్ మెసేజ్‌కి సంతకం ఎక్కడుంది అని అవతలి లాయరు లేస్తాడు. వాదించుకోవచ్చు, కానీ ఐదు వారాలు చేతిలో పెట్టుకుని ఆ వాదన దాకా ఎందుకు వెళ్లడం? బాకీ నిజమని చూపడానికి ఆ మెసేజ్ వాడండి, టైం కోసం దాన్ని నమ్ముకోకండి. ఇంకో మాట, లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడియారం ఆగదు. చాలామంది నోటీసు ఇచ్చేసి హాయిగా కూర్చుంటారు.

వీడియో పెట్టనా అన్నారు. వద్దు. ఇప్పుడు ఆయన మీకు బాకీ ఉన్నాడు, వీడియో పెట్టిన మర్నాడు మీరు ముద్దాయి అవుతారు. భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా జైలు ఉంది, నేను చెప్పింది నిజమే కదా అంటే సరిపోదు, అది జనం మేలు కోసం చెప్పిందని కూడా చూపించాలి. దానికంటే ప్రమాదం, పెట్టే ముందు "డబ్బు వేయకపోతే రీల్ పెడతా" అని మెసేజ్ కొట్టడం. మీ బాకీ మీరు అడగడం తప్పు కాదు, కానీ ఆ ఒక్క లైను వాళ్ల చేతికిస్తే బెదిరించి డబ్బు గుంజుతోంది అని స్టేషన్‌కి వెళ్తారు. ఇప్పటికే అలాంటి మెసేజ్ పెట్టి ఉంటే దాన్ని డిలీట్ చేయకుండా లాయరుకి చెప్పండి. చీటింగ్ కేసు కూడా నిలవదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, మొదటి మూడు రీల్స్‌కి బుద్ధిగా డబ్బిచ్చినవాడికి ఆ ఉద్దేశం ఉందని ఎలా చెబుతారు? సివిల్ దావాలో మిమ్మల్ని గెలిపించే పేమెంట్లే ఇక్కడ మిమ్మల్ని ఓడిస్తాయి.

చేయాల్సింది ఇది. రాజమండ్రి కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. 33 వేల కోసం నాలాంటి వాళ్లకి ఫీజు కట్టడం దండగ అని నేనే చెబుతున్నా. అక్కడ దావా వేయకముందే రాజీ కుదిర్చే ప్రీ లిటిగేషన్ లోక్ అదాలత్‌కి పెట్టమని అడగండి, ఆయన వచ్చి రాజీపడితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఊళ్లో షాపు నడిపేవాడు అక్కడిదాకా వచ్చాక చాలాసార్లు సర్దేస్తాడు. కానీ ఇదీ గడియారాన్ని ఆపదు కాబట్టి నవంబరు మొదటి వారానికి తేలకపోతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా పడిపోవాలి. కమీషన్ 3 వేలు రాజీలో వదిలేయడానికి పెట్టుకోండి, ఆయనకీ ఏదో గెలిచినట్టుంటుంది.

ఇకమీదట ఏది మేలు అన్నదానికి నా చూపు లాయరు చూపే, లెక్క ఎవరి చేతిలో ఉంది అని చూస్తాను. ఎఫిలియేట్‌లో లెక్క కంపెనీ చేతిలో, వాళ్ల డ్యాష్‌బోర్డ్ చెప్పిందే వేదం, కొన్నవాళ్లు వాపసు పంపితే కమీషన్ పోతుంది. 800 చీర మీద 5 శాతమే వస్తుందనుకుంటే 40 రూపాయలు, ఒక రీల్ ఫీజు రావాలంటే వాపసు రాని చీరలు 75 అమ్మించాలి. 14 వేల పేజీతో నెలనెలా అది కష్టం, పక్క ఆదాయంగా ఉంచుకోండి. పెయిడ్ గ్రూపులో డబ్బు ముందే మీ చేతికొస్తుంది, 60 మంది చేరితే 5,940, బాగానే ఉంటుంది, కానీ అక్కడ మీరు షాపువాడి స్థానంలోకి వెళ్తారు. వారానికి రెండు డిజైన్లు ఇస్తానని చెప్పి ఇవ్వకపోతే చేరినవాళ్లు రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఏం ఇస్తారో, డబ్బు ఎప్పుడు వాపసో రాసి గ్రూపులో పిన్ చేశాకే డబ్బు తీసుకోండి.

నిజానికి మీకున్న బలం ఆ 5 వేల మంది ఊరివాళ్లే. షాపువాడికి హైదరాబాద్ ఫాలోవరుతో పని లేదు, గడప తొక్కగలిగేవాళ్లు కావాలి, అందుకే రీల్‌కి 3 వేలిచ్చాడు. లోకల్ ప్రమోషన్లు మానొద్దు, నోటిమాట మానండి. కాగితం కూడా అక్కర్లేదు, షూట్‌కి ముందు ఒక మెసేజ్: "బాబాయ్‌గారూ, రేపటి రీల్‌కి 3 వేలు, సగం ముందు, సగం పోస్ట్ చేసిన వారంలో, అమ్మకాలతో సంబంధం లేదు, కోడ్ మీద కమీషన్ వస్తే అదనం, సరేనా?" ఆయన సరే అని టైప్ చేశాకే ఆటో ఎక్కండి, థంబ్ ఒక్కటే పెడితే మళ్లీ అడగండి. పోస్ట్ మీద పెయిడ్ ప్రమోషన్ అని కనపడేలా వేయండి, 2022 నుంచి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాల్లో అది తప్పనిసరి, మీరు పాత 11 రీల్స్‌కి వేశారో లేదో రాయలేదు. వేయకపోతే లాయరుకి ముందే చెప్పండి, అవతలివాడు కోర్టులో చెప్పేదాకా ఆగకండి.