అనంతపురం పాలసీ, బెంగళూరు ఆపరేషన్: 20 శాతం ఎందుకు కోశారు?

ప్రశ్న: మాది అనంతపురం. అమ్మానాన్నల పేరు మీద నాలుగేళ్ల క్రితం రూ.5 లక్షల హెల్త్ పాలసీ తీసుకున్నాను. ఈమధ్య అమ్మకు బెంగళూరులో రెండు మోకాళ్లకూ ఆపరేషన్ చేయించాం. నెట్‌వర్క్ ఆసుపత్రే, క్యాష్‌లెస్సే. బిల్లు రూ.4,80,000 అయింది. డిశ్చార్జి రోజున మా చేత రూ.1,13,600 కట్టించుకున్నారు. అడిగితే ‘జోన్ కో-పే 20 శాతం’ అన్నారు. ఒక్క ఏడాది కూడా ప్రీమియం ఆపలేదు. ఇది న్యాయమేనా?

జవాబు: ముందు మీరు కట్టిన డబ్బును రెండుగా విడదీద్దాం. బిల్లులో రూ.22,000 గ్లౌజులు, అడ్మిషన్ చార్జీలు, అటెండెంట్ భోజనం లాంటి వాటికి పోయిందనుకోండి. వాటిని పాలసీ ఎలాగూ ఇవ్వదు. అవి పోగా క్లెయిమ్‌కు లెక్కలోకి వచ్చేది రూ.4,58,000. దాని మీద 20 శాతం అంటే రూ.91,600. రెండూ కలిపితే మీరు చెప్పిన అంకె సరిపోతోంది. అనంతపురంలోనే ఆపరేషన్ చేయించినా ఆ రూ.22,000 మీరే పెట్టుకోవాలి. కాబట్టి జోన్ వల్ల పడిన భారం రూ.91,600 మాత్రమే.

ఇక ఆ 20 శాతం సంగతి. చాలా కంపెనీలు దేశాన్ని రెండు మూడు జోన్లుగా విడగొట్టి, పాలసీ తీసుకున్నవారి పిన్‌కోడ్‌ను బట్టి ప్రీమియం వసూలు చేస్తాయి. ఢిల్లీ, ముంబయి పరిసరాలు దాదాపు ఎప్పుడూ పై జోన్‌లో ఉంటాయి. హైదరాబాద్, బెంగళూరు ఒక కంపెనీ జాబితాలో పై జోన్‌లో, ఇంకో కంపెనీ జాబితాలో రెండో జోన్‌లో కనిపిస్తాయి. అనంతపురం లాంటి ఊళ్లు సాధారణంగా కింది జోన్‌లో పడతాయి. మీరు నాలుగేళ్లుగా కట్టింది ఆ కింది జోన్ ప్రీమియమే. ఇలా కింది జోన్ ప్రీమియం కట్టినవారు పై జోన్‌లో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత వాటా సొంతంగా భరించాలి. అదే జోన్ కో-పే.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఒక చికిత్సకు కింది జోన్‌లో సగటున రూ.100, పై జోన్‌లో రూ.125 ఖర్చవుతుందనుకుందాం. కంపెనీ మీ దగ్గర రూ.100 ఖర్చుకు తగ్గ ప్రీమియమే తీసుకుంది. మీరు పై జోన్‌కు వెళ్లి రూ.125 బిల్లు తెచ్చారు. అందులో 20 శాతం మీరు భరిస్తే కంపెనీకి మిగిలేది సరిగ్గా రూ.100. అంటే ఏ ఖర్చును ఊహించి ప్రీమియం పెట్టారో, కో-పే ఆ ఖర్చు దగ్గరికే కంపెనీని తెచ్చి నిలబెడుతుంది. ఇది లేకపోతే బెంగళూరులో వైద్యం చేయించుకోబోయేవాళ్లంతా సొంతూరి అడ్రస్ మీద చవగ్గా పాలసీ తీసుకుంటారు. ఆ నష్టం తర్వాతి ఏళ్లలో కింది జోన్‌లో అందరి ప్రీమియం మీదా పడుతుంది.

నెట్‌వర్క్ ఆసుపత్రి అయినంత మాత్రాన ఈ కో-పే తప్పిపోదు. నెట్‌వర్క్ అంటే కంపెనీకి, ఆసుపత్రికి మధ్య రేట్ల ఒప్పందం, క్యాష్‌లెస్ సదుపాయం. జోన్ అనేది మీకూ కంపెనీకీ మధ్య ప్రీమియం లెక్క.

అలాగని ఈ పద్ధతి ప్రతి బిల్లుకూ కచ్చితంగా న్యాయం చేస్తుందని నేను అనను. మీ అమ్మగారి ఆపరేషనే తీసుకోండి. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 నుంచి దేశమంతటికీ ఒకే గరిష్ఠ పరిమితి ఉంది. బెంగళూరులో గది అద్దె, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు ఎక్కువ, నిజమే. ఇంప్లాంట్ ధర మాత్రం ఊరిని బట్టి అంతగా మారకూడదు. అయినా 20 శాతం క్లెయిమ్ మొత్తం మీద కోస్తారు, ఇంప్లాంట్‌ను పక్కన పెట్టరు. సగటు మీద నడిచే నిబంధనతో ఇలాంటి ఇబ్బంది ఉంటుంది. పాలసీలో రాసి ఉంటే మాత్రం అది చెల్లుతుంది.

అందుకే రాసి ఉందో లేదో చూడాలి. కంపెనీని సెటిల్‌మెంట్ లెటర్ అడగండి. ఏ క్లాజ్ కింద ఎంత కోశారో అందులో ఉంటుంది. 60 దాటాక తీసుకున్న పాలసీల్లో కొన్నింటికి వయసును బట్టి వేరే కో-పే ఉంటుంది, అదీ తరచు 20 శాతమే. కౌంటర్ దగ్గర ‘జోన్ కో-పే’ అన్నది నిజానికి ఆ రెండోది కావచ్చు. అదే అయితే అనంతపురంలో చేయించినా కోసేవారు. జోన్ కో-పేనే అయితే మీ పాలసీ షెడ్యూల్‌లో జోన్ ఏమని ఉందో చూడండి. క్లెయిమ్ చేసిన ఏడాది పాలసీ పత్రంలోని జోన్ల జాబితాలో బెంగళూరు నిజంగా మీకంటే పై జోన్‌లో ఉందో లేదో పోల్చండి. జాబితాలు మారుతుంటాయి కాబట్టి కొత్త బ్రోచర్ చూసి తేల్చకండి. ప్రమాదంలో దెబ్బలు తగిలి ఆసుపత్రిలో చేరితే జోన్ కో-పే ఉండదని కొన్ని పాలసీల్లో ఉంటుంది. మీది ముందే అనుకున్న ఆపరేషన్ కాబట్టి ఆ వెసులుబాటు వర్తించదు.

కో-పేను ఏ దశలో కోస్తారన్నది కూడా ముఖ్యమే. మీ పాలసీ రూ.5 లక్షలది కాబట్టి ఈసారి తేడా పడలేదు. అదే రూ.3 లక్షలదైతే? రూ.4,58,000లో ముందు 20 శాతం తీస్తే రూ.3,66,400 మిగులుతుంది, పాలసీ పరిమితి రూ.3 లక్షలూ మీకు పూర్తిగా అందుతాయి. ముందు రూ.3 లక్షలకు కుదించి, తర్వాత 20 శాతం తీస్తే వచ్చేది రూ.2,40,000. పాలసీలో ఏది రాసి ఉందో చదివితేనే తెలుస్తుంది.

రెన్యూవల్ ముందు ఒక నిర్ణయం తీసుకోండి. చాలా కంపెనీలు కింది జోన్ వాళ్లు పై జోన్ ప్రీమియం కట్టి ఈ కో-పేను తీసేయించుకునే అవకాశం ఇస్తాయి. మీ ప్రీమియం రూ.32,000, పై జోన్‌ది రూ.40,000 అనుకుంటే తేడా ఏడాదికి రూ.8,000. ఈ ఆపరేషన్ లాంటిది పదకొండేళ్లలో ఒక్కటి వచ్చినా ఆ ఖర్చు తిరిగొచ్చేసినట్టే. మీ ఇద్దరు పెద్దవాళ్ల వయసుకు, పెద్ద జబ్బు అంటే బెంగళూరు బస్సెక్కే మీ ఊరి అలవాటుకు నేనైతే పై జోనే తీసుకోమంటాను. వైద్యం సొంత జోన్‌లోనే చేయించుకునే కుటుంబానికి ఆ రూ.8,000 దండగ. మార్పు మొదటి రోజు నుంచే వర్తిస్తుందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. బెంగళూరులో ఉన్న బంధువు అడ్రస్ ఇచ్చి పని కానిద్దామని మాత్రం అనుకోవద్దు. తప్పుడు అడ్రస్ తేలితే క్లెయిమే చిక్కుల్లో పడుతుంది. అమ్మానాన్నలు నిజంగా అక్కడికి మారితే అప్పుడు మార్పించండి.

చివరిగా, ఈ రూ.91,600 మొత్తం పోయినట్టేనని అనుకోకండి. మీకు గానీ, మీ తోబుట్టువులకు గానీ ఉద్యోగం తరఫున గ్రూప్ పాలసీ ఉండి, అందులో అమ్మగారి పేరు ఉంటే, మొదటి పాలసీ ఇవ్వని మొత్తాన్ని అక్కడ అడగవచ్చు. దాని నిబంధనలకు లోబడి ఇస్తారు. సెటిల్‌మెంట్ లెటర్, ఆసుపత్రి ధ్రువీకరించిన బిల్లుల నకళ్లు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. డిశ్చార్జి అయిన రోజు నుంచి ఇన్ని రోజుల్లోపు పంపాలన్న గడువు ఉంటుంది, కాబట్టి ఆఫీసు హెచ్‌ఆర్‌ను ఈ వారంలోనే అడగండి.