వీధి పేరు తప్పు కొట్టినా పేమెంట్ ఎలా వెళ్లింది?

“బిల్లింగ్ అడ్రస్‌లో వీధి పేరు తప్పు కొట్టాను, అయినా పేమెంట్ వెళ్లిపోయింది. మరి చెక్ చేసేదేంటి?”

ఆ చెక్ సాధారణంగా అంకెలనే చూస్తుందండీ: ఇంటి నంబరు, పోస్టల్ కోడ్. బ్యాంకు రికార్డులో “48, పార్క్ స్ట్రీట్” ఉండి మీరు “48, లేక్ స్ట్రీట్” అని కొడితే, 48 కలిసింది కాబట్టి సరిపోయినట్టే. పేరును చాలాసార్లు అసలు పోల్చరు కూడా. బ్యాంకు షాపుకి ఒక అక్షరం పంపుతుంది: రెండూ కలిస్తే Y, పోస్టల్ కోడ్ మాత్రమే కలిస్తే Z, ఏదీ కలవకపోతే N. N వచ్చినా బ్యాంకు పేమెంట్‌ను ఆమోదించవచ్చు. సరుకు పంపాలా వద్దా అన్నది షాపు ఇష్టం. ఈ పద్ధతి అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల్లోనే బాగా నడుస్తుంది.

సీవీవీ సంగతి వేరు. కార్డు నంబరు, గడువు తేదీ, బ్యాంకు రహస్య కీలతో లెక్కకట్టిన అంకెలవి. బ్యాంకు మళ్లీ లెక్కకట్టి పోలుస్తుంది. ఆమోదం వచ్చాక షాపు దాన్ని దాచుకోకూడదు, అందుకే షాపు డేటాబేస్ దొంగిలించినవాడికి మామూలుగా అది దొరకదు. కానీ కార్డు ఫొటో తీసినవాడి దగ్గర ఉంటుంది. కార్డు ఎవరి చేతిలో ఉందో మాత్రం ఈ రెండూ చెప్పలేవు; ఓటీపీ అడిగేది అందుకే.