ఒకే గజల్, రెండు గానాలు

"గజల్‌కూ ఖవ్వాలికీ తేడా ఏమిటి? రెండింటిలోనూ ఉర్దూ కవిత్వమే, హార్మోనియమే, తబలాయే కదా. వినేటప్పుడు ఎలా గుర్తుపట్టాలి?"

గజల్ ఒక కవితా రూపం, ఖవ్వాలి ఒక గాన పద్ధతి. కాబట్టి ఒకే గజల్‌ను రెండు విధాలుగానూ పాడవచ్చు. విశాఖలో గజల్ కచేరీలకు తబలా వాయిస్తూ, దర్గా కొండ ఉరుసులో ఖవ్వాలి వింటూ నేను గమనించినది ఒక ఉదాహరణతో చెబుతాను.

గాలిబ్ గజల్ ఒకటి ఇలా మొదలవుతుంది: "దిల్-ఎ-నాదాఁ తుఝే హువా క్యా హై, ఆఖిర్ ఇస్ దర్ద్ కీ దవా క్యా హై." వెర్రి మనసా, నీకేమైంది, ఈ బాధకు మందేమిటి అని భావం. చివర మారకుండా వచ్చే "క్యా హై" రదీఫ్, దాని ముందు ప్రాస కలిపే "హువా", "దవా" కాఫియాలు. తర్వాతి షేర్లలో, అంటే రెండేసి పాదాల పద్యాల్లో, ఇవి రెండో పాదంలోనే వస్తాయి. గజల్ గాయకుడు ఈ ఏర్పాటునే ఆధారం చేసుకొని, మొదటి పాదాన్ని రకరకాల స్వరాలతో తిప్పి తిప్పి పాడుతూ రెండో పాదాన్ని ఆలస్యం చేస్తాడు. ఏ కాఫియా వస్తుందోనని ఎదురుచూసే శ్రోతలు అది పడగానే "వాహ్" అంటారు. అంతవరకు నేను ఆరు మాత్రల దాద్రానో, ఎనిమిది మాత్రల కెహర్వా తాళాన్నో సాదాగా నడపాలి. అక్కడ చేతివాటం చూపిస్తే కవి మాట మునిగిపోతుంది. షేర్ ముగిశాక మాత్రం రెట్టింపు వేగంలో లగ్గీ అనే చురుకైన వాయింపు వాయించి, ఒకే ముక్కను మూడుసార్లు వాయించే తిహాయితో తాళంలో మొదటి మాత్ర అయిన సమ్‌కు చేరి, మళ్లీ సాదా ఠేకాకు, అంటే తాళపు మామూలు నడకకు, వస్తాను.

అదే షేర్‌ను ఖవ్వాల్ బృందం ఎత్తుకుంటే నడక మారిపోతుంది. ప్రధాన గాయకుడు అన్న పాదాన్ని వెనుకవారు చప్పట్లతో అందుకుంటారు, ఢోలక్ లేదా తబలా దెబ్బ బరువెక్కుతుంది, వేగం క్రమంగా పెరుగుతుంది. "దర్ద్" అన్న మాట దగ్గర గాయకుడు ఆగి, మరో కవి రాసిన షేర్‌నో, పారసీ పాదాన్నో మధ్యలో ముడివేసి, తిరిగి "దవా క్యా హై" మీదకు దిగుతాడు. దీన్ని గిరహ్ అంటారు. గజల్ సభలో ప్రేయసి కోసమనిపించిన ఆ బాధ దర్గాలో దైవం కోసం పడే తపనగా వినిపిస్తుంది. శ్రోతల్లో ఎవరికైనా తన్మయావస్థ, అంటే హాల్, కలిగితే, అతడు తేరుకునేవరకు అదే పాదాన్ని తిరిగి తిరిగి పాడడం సంప్రదాయం. (సినిమాల్లో సవాలు-జవాబుగా సాగే ఖవ్వాలిలో ఇదేమీ కనబడదు, అది వినోదం కోసం మలచినది.)

చప్పట్లు వినిపించడమొక్కటే గుర్తు అనుకోవద్దు. పాడుతున్నది ఒకే కవి గజల్ అయినా, మధ్యలో ఇతర కవుల పాదాలు చొరబడి, ఒకే ముక్క పదేపదే తిరుగుతూ వేగం పెరుగుతుంటే మీరు వింటున్నది ఖవ్వాలి.