అతుకు దగ్గర ఆగి చూడు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన పట్టిక చూశాను. టి.ఎస్. ఎలియట్ దీర్ఘకవిత ‘ది వేస్ట్ లాండ్’లో వేరే రచనల నుంచి అరువు తెచ్చిన ఏ ముక్క ఎక్కడిదో, ఎడమవైపు పాదం, కుడివైపు మూలం పెట్టి ఓపిగ్గా రాశావు. డాంటే, షేక్‌స్పియర్, ఒవిడ్, బైబిల్, బృహదారణ్యకం అన్నీ వచ్చాయి. తప్పులు కూడా పెద్దగా లేవు. కానీ అట్టడుగున పెన్సిల్‌తో రాసిన మాట దగ్గర ఆగిపోయాను: ‘అన్నీ తెలిశాయి, కవిత మాత్రం చేతికి రాలేదు’ అన్నావు. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

నాలుగు వందల పైచిలుకు పాదాలూ పట్టుకుంటే ఇది తెగే వ్యవహారం కాదు. ఒక్క చోటికే వెళ్దాం. రెండో భాగం చివర లండన్‌లో ఒక పబ్, రాత్రి మూసేసే వేళ. ఎవరు మాట్లాడుతున్నారో కవి చెప్పడు. ఒకావిడ తన స్నేహితురాలు లిల్ గురించి పక్కవాళ్లకి చెబుతూ ఉంటుంది. లిల్ మొగుడు ఆల్బర్ట్ నాలుగేళ్లు సైన్యంలో ఉండి తిరిగొస్తున్నాడు. పళ్లు కట్టించుకోమని అతను ఇచ్చిన డబ్బు ఏం చేశావని అడుగుతాడు, కాస్త మనిషిలా తయారవ్వు అని తను లిల్‌కి చెప్పిందట. లిల్‌కి ముప్పై ఒకటే. అప్పటికే ఐదుగురు పిల్లలు, ఒక కాన్పులో చావు తప్పింది. కడుపు పోవడానికి వేసుకున్న మాత్రలతో మనిషి ఇలా అయిపోయింది. ఈ కబుర్ల మధ్యలో పెద్దక్షరాల్లో పబ్‌వాడి కేక పడుతూ ఉంటుంది: త్వరగా కానివ్వండి, టైమైంది. మొత్తం ఐదుసార్లు. మొదట్లో దూరం దూరంగా వస్తుంది, చివర రెండుసార్లు వెంటవెంటనే. ఆదివారం ఆల్బర్ట్ ఇంట్లోనే ఉన్నాడు, నన్ను భోజనానికి పిలిచారు అని ఆవిడ అంటూండగానే కేక కథని కోసేస్తుంది. తర్వాత ఏమైందో మనకి ఎప్పటికీ తెలియదు.

జనం లేస్తారు. ‘గూనైట్ బిల్, గూనైట్ లూ, గూనైట్ మే.’ గుడ్‌లో ‘డ్’ని మింగేసి పలికే పబ్ మాట అది, కవి అలాగే అచ్చు వేయించాడు. ఆ వెంటనే, ఆ భాగానికి ఆఖరి పాదంలో, ‘గుడ్ నైట్, లేడీస్, గుడ్ నైట్, స్వీట్ లేడీస్, గుడ్ నైట్, గుడ్ నైట్.’ కొటేషన్ గుర్తులు లేవు, మాట్లాడేవాళ్ల పేరు లేదు. ఖాళీ పాదం కూడా వదల్లేదు.

నీ పట్టికలో దీని ఎదురుగా ‘హామ్లెట్, 4వ అంకం, 5వ దృశ్యం, ఒఫీలియా’ అని ఉంది. సరైనదే. కానీ ఆ గడి నింపకముందు ఏం వినిపించిందో నాకు చెప్పు. మింగేసిన ‘డ్’ తిరిగొచ్చింది. అంటే నోరు మారింది. ఇప్పటిదాకా ఉన్న యాస ఒక్కసారిగా శుభ్రమైన పలుకు అయింది. పబ్‌లో వాళ్లెవరూ ఒకరినొకరు ‘స్వీట్ లేడీస్’ అనుకోరు. అప్పటిదాకా పేరుపేరునా చెప్పిన వీడ్కోలు ఇప్పుడు ఆడవాళ్లందరికీ కలిపి చెప్పినట్టయింది. ఆ ఆడవాళ్లలో లిల్ ఉంది, ఆమె గుట్టు అందరిముందూ విప్పిన ఈవిడ ఉంది, ఇదే భాగం మొదట్లో అద్దాల మధ్య, అత్తరుల మధ్య కూర్చుని టెన్షన్‌తో ‘నాతో మాట్లాడు’ అని బతిమాలిన డబ్బున్నావిడ కూడా ఉంది. వేగం కూడా తగ్గింది. తొందరపెట్టే కేకల తర్వాత ఎవరో తీరిగ్గా, మర్యాదగా సెలవు తీసుకుంటున్నారు. హామ్లెట్ పేరు కూడా వినని మనిషి ఇదంతా వినగలడు. సగం చదువు ఇక్కడే అయిపోతుంది. నువ్వు దీన్ని దాటేసి నేరుగా కుడివైపు గడిలోకి వెళ్లిపోయావు.

మూలం తెలిశాక ఏం మారుతుంది? తండ్రి చనిపోయి మతి చెదిరిన పిల్ల రాజసభలోంచి వెళ్లిపోతూ అన్న మాటలవి. ఆ తర్వాత ఒక్కసారి మళ్లీ కనిపిస్తుంది, ఆపైన నీళ్లలో మునిగి చనిపోయిందన్న కబురే వస్తుంది. అది తెలిస్తే ఆ మర్యాద వెనక చల్లగా ఏదో తగులుతుంది. అంతవరకే. ఇక్కడే చాలామంది జారిపోతారు. ‘కాబట్టి లిల్ ఆధునిక ఒఫీలియా’ అని సమీకరణం రాసేస్తారు. లిల్‌కి మతి చెదరలేదు. ఆమె గొడవలు పళ్లు, పిల్లలు, మందుల షాపువాడి మాత్రలు. పైగా ఆ పాదాన్ని కవి లిల్ నోట పెట్టనూ లేదు, కథ చెప్పినావిడకి ఇవ్వనూ లేదు. ఎవరికీ చెందకుండా వదిలేశాడు. ఎవరికో ఒకరికి కట్టబెట్టావంటే కవి చెయ్యని పని నువ్వు చేసినట్టు. ఇంకో సంగతి, అదే మాటలతో మొదలయ్యే వీడ్కోలు పాట ఒకటి అప్పటికే జనంలో ఉంది. పబ్ నుంచి ఇంటికెళ్లేవాళ్లు ఆ పాట అందుకున్నారని కూడా వినవచ్చు. నాటకం, పాట రెండూ ఒకే పాదంలో ఇమిడి ఉన్నాయి. ఏది అసలు అని తేల్చనక్కర్లేదు.

వివరణ ఎక్కడ హద్దు దాటిందో పట్టుకోడానికి నేను చేసే పని ఒకటుంది. అరువు తెచ్చిన పాదాన్ని కొట్టేసి ఆ చోట ‘ఇక్కడ ఒఫీలియా’ అని రాసి మళ్లీ చదువుతాను. ఏమీ పోయినట్టు అనిపించకపోతే రెండిట్లో ఒకటి. నా చదువు పాదాన్ని వదిలి పేరు మీదకి వెళ్లిపోయింది, లేదా కవే పేరు కోసం ఆ ముక్క తెచ్చాడు. రెండోది కూడా జరుగుతుంది. ఎలియట్ స్నేహితుడు, కవి ఎజ్రా పౌండ్ రాసిన ‘కాంటోస్’లో కొన్ని పుటలు నాకు అలాగే అనిపిస్తాయి. పబ్ దృశ్యంలో మాత్రం పేరు రాసి చూస్తే ఆ ‘డ్’ పోతుంది, ‘లేడీస్’ అన్న పిలుపు పోతుంది, నాలుగుసార్లు వచ్చే వీడ్కోలు పోతుంది.

ఎలియట్ తనే కవిత వెనక వివరణలు ఇచ్చాడు కదా అంటావు. ఇచ్చాడు, కానీ అవి ఎలా వచ్చాయో చూడు. 1922 అక్టోబర్‌లో లండన్ ‘క్రైటీరియన్’ పత్రికలో, ఆ తర్వాత నవంబర్‌లో న్యూయార్క్ ‘డయల్’లో కవిత అచ్చయినప్పుడు వివరణలు లేవు. డిసెంబర్‌లో న్యూయార్క్‌లో పుస్తకంగా వచ్చినప్పుడే అవి చేరాయి. 1956లో మిన్నెసోటాలో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఆయనే దాన్ని వెక్కిరించుకున్నాడు. కాపీ కొట్టాడన్న నింద రాకుండా మూలాలు చెబుదామని మొదలుపెట్టాననీ, పుస్తకానికి కవిత చిన్నదైపోతే పేజీలు నింపడానికి వాటిని పెంచాననీ, అది బూటకపు పాండిత్యమనీ అన్నాడు. మరో తమాషా. ఐదో భాగంలో పాడే పిట్టకి శాస్త్రీయ నామంతో సహా వివరణ రాసిన మనిషి ఈ ‘గుడ్ నైట్, లేడీస్’కి ఒక్క ముక్క కూడా రాయలేదు.

అసలు గుర్తుపట్టడమే ఆటైతే అమెరికన్ కవయిత్రి మేరియన్ మూర్‌ని చదవడం ఎవరివల్లా అయ్యేది కాదు. అమెరికాలోని రైనియర్ పర్వతం గురించి ఆమె రాసిన ‘యాన్ ఆక్టోపస్’లో జాతీయ పార్కుల శాఖ కరపత్రాల్లోని వాక్యాలున్నాయి. కొటేషన్ గుర్తులు పెట్టి మరీ వాడింది. కరపత్రం చదివి రమ్మని పాఠకుణ్ణి అడగడం లేదు కదా. ఆ గుర్తులు ఇక్కడ గొంతు మారింది అని మాత్రం చెబుతాయి. ఎలియట్ చాలాచోట్ల ఆ గుర్తు కూడా తీసేసి, అతుకు ఎక్కడుందో చెవికి వదిలేశాడు.

ఇక మనవాళ్లకి మరీ ఎక్కువగా వచ్చే ఇబ్బంది. ఆఖర్న ‘దత్త, దయధ్వం, దమ్యత’, ఆ కింద మూడు శాంతులు కనిపించగానే మనకి ప్రాణం లేచొస్తుంది. ఇది మనది, దీనికి వివరణ అక్కర్లేదు అనుకుంటాం. నీ పట్టికలో కూడా ఈ గడే అన్నిటికన్నా పొడుగు. తెలిసింది కాబట్టే అక్కడ నువ్వు చూడటం మానేశావు. బృహదారణ్యకంలో ప్రజాపతి ‘ద’ అంటే దేవతలు దమ్యత, అంటే నిగ్రహించుకోండి అని, మనుషులు దత్త, అంటే ఇవ్వండి అని, అసురులు దయధ్వం, అంటే దయ చూపండి అని గ్రహిస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. ఈ కవితలో ముగ్గురూ లేరు, వరస కూడా మారింది. మనుషుల జవాబు ముందుకొచ్చింది. పైగా ఆ మాటలు మొదటిసారి వచ్చినప్పుడు ప్రతి దాని కిందా ఏముందో చూడు. దత్త తర్వాత ‘మనం ఏమిచ్చాం?’ అన్న ప్రశ్న ఉంది. దయధ్వం తర్వాత తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడు ఉంది, ఎవరి గదిలో వాళ్లు బందీలు. దమ్యత తర్వాత చెయ్యి తిరిగినవాడు నడిపితే మాట విన్న పడవ ఉంది. ఉపనిషత్తు కథ చెప్పేసి ఊరుకుంటే ఈ తాళంచెవి వినిపించదు. అక్కడికి లండన్ పాఠకుడు వివరణ చూసుకుని రావాలి, మనం నేరుగా వస్తాం. ఆఖరి శాంతులకి కొద్ది పాదాల ముందున్న ‘లండన్ బ్రిడ్జ్’ పిల్లల పాట దగ్గర మాత్రం అతనికి ఊయల నాటి జ్ఞాపకం, మనకి కేజీ క్లాసు. అన్ని ముక్కలూ ఒకే లోతులో తెలిసిన పాఠకుడు ఉన్నాడని నేననుకోను.

ఆ చివరి ముక్కల గుట్టలో నేను తెరిచి చూసేది ఒకటుంది, మూసి ఉంచేది ఒకటుంది. హియెరానిమోకి మళ్లీ పిచ్చెక్కిందన్న ముక్క తెరవదగ్గది. టామస్ కిడ్ నాటకంలో అతను కొడుకు హత్యకి పగ తీర్చుకోడానికి నాటకంలో నాటకం వేయిస్తాడు, ఒక్కో పాత్రా ఒక్కో భాషలో మాట్లాడాలంటాడు. ఐదు భాషలు కలిపి కుట్టిన ముగింపులో ఆ సంగతి తెలియడం లాభమే. ముక్కలో ‘ఇది ఇక్కడెందుకు’ అనిపించే గరుకుదనం ఉంటే మూలం తెరుస్తాను. ఫ్రెంచి కవి నెర్వాల్ పాదం, కూలిన బురుజు దగ్గర రాకుమారుడు, అది అలాగే ఉండనిస్తాను. మూలం ఎంత చదివినా నాకు ఆ బురుజుకన్నా ఎక్కువ ఏమీ దొరకలేదు.

ఇక నీ సొంత కవిత, ఉత్తరంతో పాటు పెట్టినది. నాలుగు చోట్ల అరువు పాదాలున్నాయి, నాలుగిటికీ కింద ఫుట్‌నోట్లు పెట్టావు. అవి తీసేసి, ఆ మూలాలు తెలియని వాళ్లెవరికైనా పైకి చదివి వినిపించు. మొదటి రెండు చోట్ల నీ గొంతు, అరువు గొంతు ఒకేలా ఉన్నాయి. అతుకు కనిపించడం లేదు. వాళ్లు ఆగకుండా దాటేస్తారని నా అనుమానం. మూడో చోట తప్పకుండా తలెత్తి చూస్తారు. దాన్ని ముట్టుకోకు. నాలుగోది పేరు కోసం పెట్టావేమో, పైన చెప్పినట్టు కొట్టేసి పేరు రాసి చూసుకో. తేడా ఏమీ లేకపోతే ఆ పాదం వదిలెయ్యి.

ప్రేమతో,
నీ అన్నయ్య